పది నిమిషాల వార్తల పాడ్‌కాస్ట్‌కి స్క్రిప్టు ఎలా రాయాలి

వార్తల పాడ్‌కాస్ట్ మొదలుపెట్టే చాలామంది పేపర్లో వచ్చిన వార్తను కాస్త కుదించి మైకు ముందు చదివేస్తారు. కాగితం కళ్ళ ముందే ఉంటుంది కాబట్టి చదివేవాళ్ళకి ఏ ఇబ్బందీ తెలియదు. వినేవాళ్ళ పరిస్థితి వేరు. వాళ్ళు గిన్నెలు తోముతూనో, బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడో వింటుంటారు. వాక్యం మొదట్లో ఏముందో మర్చిపోతే పైకి వెళ్ళి మళ్ళీ చూసుకునే వీలుండదు. అందుకే చెవి కోసం రాసే తెలుగు వేరుగా ఉండాలి. ఎలా ఉండాలో ఒక ఎపిసోడ్ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ఆ ఎపిసోడ్ తేదీ 2024 సెప్టెంబరు 4, బుధవారం ఉదయం అనుకుందాం. ఆ రోజు చెప్పాల్సిన వార్తలు ఒకదానికొకటి పొంతన లేనివి. విజయవాడలో బుడమేరు వాగు వరద ఇంకా తగ్గలేదు. ఖమ్మంలో మున్నేరు ఇళ్ళలోకి వచ్చి వెళ్ళింది. మహబూబాబాద్ జిల్లా కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. ముందు రోజు రాత్రే పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా అమ్మాయి జీవంజి దీప్తి కాంస్య పతకం గెలిచింది. బాధ, సమాచారం, సంతోషం మూడూ ఒకే పది నిమిషాల్లో పట్టాలి. ఇలాంటి రోజే స్క్రిప్టు రాయడం బాగా నేర్పుతుంది.

ముందు మీ వేగం కొలుచుకోండి

ఇంగ్లీషులో వార్తలు చదివే వేగం నిమిషానికి సుమారు 150 మాటలు అంటారు. ఆ లెక్క తెలుగుకి పనికిరాదు. "వెళ్ళాల్సివచ్చిందంటున్నారు" అన్నది మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో అదే నాలుగైదు మాటలవుతుంది. కాబట్టి మీ లెక్క మీరే కట్టుకోవాలి. మీరే రాసిన ఒక పేజీన్నర వార్తను, ఇంట్లో ఎవరికో చెబుతున్నట్టు మూడు నిమిషాలు చదివి ఫోన్లో రికార్డు చేయండి. చదివిన చోటి దాకా మాటలు లెక్కపెట్టి మూడుతో భాగించండి. నాకు మూడు నిమిషాలకి 312 మాటలు వచ్చాయి, అంటే నిమిషానికి 104. మీకు 95 రావచ్చు, 115 రావచ్చు. ఎక్కువ వస్తే మంచిదనేం లేదు. వింటున్నప్పుడు మీకే ఊపిరాడనట్టు అనిపిస్తే అది మీ సహజమైన వేగం కాదు. మరోసారి చదివి కొలవండి.

ఇప్పుడు పది నిమిషాలంటే 600 సెకన్లు. మొదట్లో సంగీతానికి 15, చివర్లో 15 తీసేయండి. విజయవాడలోని సింగ్‌నగర్ నుంచి ఒకావిడ ఫోన్లో మాట్లాడిన 40 సెకన్ల క్లిప్ మన దగ్గర ఉందనుకుందాం, అదీ తీసేయండి. వార్తకీ వార్తకీ మధ్య వదిలే ఖాళీలు అన్నీ కలిపి ఓ 10 సెకన్లు. మిగిలింది 520 సెకన్లు. నిమిషానికి 104 చొప్పున అది సుమారు 900 మాటలు. పది నిమిషాల ఎపిసోడ్‌కి మీ చేతిలో ఉన్నది అంతే. చాలామంది 1200 మాటలు రాసుకుని, మైకు ముందుకు వచ్చాక పరిగెత్తుతారు. వేగం చెడిపోవడం అక్కడే, రాతబల్ల దగ్గరే, మొదలవుతుంది.

వరుస

ఆ బుధవారం అన్నిటికంటే కొత్త వార్త దీప్తి పతకం. అంతకు ముందు రాత్రే వచ్చింది, పైగా మంచి వార్త. దాన్ని మొదట పెట్టాలనిపిస్తుంది. నేనైతే పెట్టను. వినేవాళ్ళలో సింగ్‌నగర్‌లో చుట్టాలున్నవాళ్ళు ఉంటారు. వాళ్ళలో కొందరు హైదరాబాద్‌లో, కొందరు డల్లాస్‌లో కూర్చుని, అమ్మకి ఫోన్ కలవక టెన్షన్ పడుతుంటారు. వాళ్ళ చెవికి మొదట అందాల్సింది విజయవాడ వార్త. ఏది కొత్తది అన్న ప్రశ్న పక్కన పెట్టి, ఈ పది నిమిషాల్లో ఏ మాట కోసం ఎవరు ఎదురుచూస్తున్నారు అని ఆలోచిస్తే వరుస దానంతటదే తేలుతుంది.

520 సెకన్లని నేను ఇలా పంచుతాను. పలకరింపు, ముఖ్యాంశాలు 40 సెకన్లు. విజయవాడకి 200. ఖమ్మం, రైళ్ళు కలిపి 110. దీప్తికి 120. రేపటి దాకా గుర్తుంచుకోవాల్సిన విషయాలకి 30. ముగింపుకి 20. మాటల్లో చెప్పుకుంటే విజయవాడకి 345 మాటల దాకా, దీప్తికి 200 దాకా వస్తాయి. ప్రతి వార్త పైన ఈ అంకె రాసిపెట్టుకుని, ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టండి.

ఖమ్మాన్నీ కేసముద్రాన్నీ ఎందుకు కలిపానంటే, రెండిటికీ కారణం ఒకే వాన. విడివిడిగా చెబితే వాన గురించి రెండుసార్లు చెప్పాలి. దీప్తిని చివరికి నెట్టలేదు, చివరి పెద్ద వార్తగా నిలబెట్టాను, సమయం కూడా బాగానే ఇచ్చాను. వరద వార్తలు విని బరువెక్కిన మనసుకి పతకం కబురు అక్కడ హాయిగా అందుతుంది.

వార్త లోపల కూడా ఒక వరుస ఉంటుంది. పేపరు వార్త జరిగిన సంఘటనతో మొదలవుతుంది. చెవికి మాత్రం ఇప్పుడు ఎలా ఉందో ముందు చెప్పాలి. ఆ తర్వాత ఎందుకిలా అయిందో చెప్పాలి. అక్కడున్నవాళ్ళు ఏం చేయాలో చివర్లో చెబితే, అది వాళ్ళ మనసులో ఉండిపోతుంది. విజయవాడ వార్తలో క్లిప్‌ని నేను ఇప్పటి పరిస్థితికీ కారణానికీ మధ్య పెడతాను. ఒక మనిషి గొంతు విన్నాక, ఇలా ఎందుకయింది అన్న ప్రశ్న వినేవాళ్ళలోనే పుడుతుంది. అప్పుడు జవాబు చెబితే శ్రద్ధగా వింటారు.

పేపరు వాక్యాన్ని విడగొట్టడం

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. పేపరు తరహా వాక్యం ఒకటి నేనే రాసి చూపిస్తాను:

> ఎగువన కురిసిన భారీ వర్షాలకు బుడమేరుకు గండ్లు పడటంతో సింగ్‌నగర్ సహా విజయవాడలోని పలు ప్రాంతాలు జలదిగ్బంధంలో చిక్కుకోగా, ప్రకాశం బ్యారేజీకి చరిత్రలోనే అత్యధికంగా 11,43,201 క్యూసెక్కుల వరద పోటెత్తిన నేపథ్యంలో అధికారులు మొత్తం 70 గేట్లు ఎత్తి నీటిని దిగువకు విడుదల చేశారు.

కంటితో చదివితే అర్థమవుతుంది. ఒకసారి బయటికి చదవండి. "విడుదల చేశారు" అనే చోటికి వచ్చేసరికి ఊపిరి అయిపోతుంది. వినేవాళ్ళకి అంతకంటే పెద్ద కష్టం ఉంది. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది. అది వచ్చేదాకా వినే మనిషి వానని, గండ్లని, సింగ్‌నగర్‌ని, బ్యారేజీని, అంకెని అన్నిటినీ తలలో మోస్తూ ఉండాలి. "చిక్కుకోగా", "పడటంతో", "నేపథ్యంలో" అనేవి వాక్యాన్ని సాగదీసే ముడులు. వాటిలో ఒక్కొక్కదాన్నీ విప్పి, అక్కడ ఒక చుక్క పెట్టి, కొత్త వాక్యం మొదలుపెట్టండి.

ఈ వాక్యంలో ఇంకో చిక్కుంది, అది విన్నప్పుడే బయటపడుతుంది. బుడమేరు, బ్యారేజీ పక్కపక్కనే వచ్చేసరికి బ్యారేజీ గేట్లు ఎత్తితే సింగ్‌నగర్ మునిగిందేమో అనిపిస్తుంది. నిజానికి ఆ నీళ్ళు వేరు, ఈ నీళ్ళు వేరు. కంటికి కనబడని ఈ గందరగోళం చెవికి వెంటనే తగులుతుంది. కాబట్టి తిరగరాసేటప్పుడు మొదట దాన్నే విడదీయాలి:

> సింగ్‌నగర్‌లో నీళ్ళు ఇంకా ఇళ్ళ మధ్యే ఉన్నాయి. ఇవి కృష్ణా నది నీళ్ళు కావు, బుడమేరు నీళ్ళు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి వెళ్ళే వాగు. వరద వచ్చినప్పుడు ఆ నీళ్ళని కృష్ణలోకి మళ్ళించడానికి ఒక కాలువ ఉంది. ఆ కాలువ గట్టుకే గండ్లు పడ్డాయి. కృష్ణలోకి వెళ్ళాల్సిన నీళ్ళు ఊరి మీదికి వచ్చాయి.
>
> ఇక కృష్ణ సంగతి. సోమవారం ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల నలభై మూడు వేల క్యూసెక్కుల వరద వచ్చింది. 2009 అక్టోబరులో వచ్చిన పెద్ద వరద కంటే కూడా ఇది ఎక్కువ. డెబ్భై గేట్లూ ఎత్తేశారు.

ఒక్క వాక్యం పదయింది. మాటలు కూడా పెరిగాయి. అందుకే 900 మాటల్లో పదిహేను వార్తలు పట్టవు, నాలుగే పడతాయి.

ఇందులో ఒక చోట ఆగి చూడండి. "ఇవి కృష్ణా నది నీళ్ళు కావు" అన్నాక వెంటనే "బుడమేరు నీళ్ళు" అని చెప్పాను. తెలుగులో కాదు, లేదు అనేవి వాక్యం చివర వస్తాయి. సరిగ్గా అక్కడే చదివేవాళ్ళ గొంతు దిగిపోతుంది, బయట ఆటో హారన్ కొడితే ఆ ఒక్క మాటా అందులో కలిసిపోతుంది. "నీళ్ళు తగ్గలేదు" అన్న మాటలో చివరి రెండక్షరాలు వినబడకపోతే అర్థం తలకిందులవుతుంది. కాబట్టి ప్రాణానికి సంబంధించిన విషయాన్ని వీలైనంత వరకు లేదు అనకుండా రాయండి. "నీళ్ళు ఇంకా తగ్గలేదు" బదులు "నీళ్ళు ఇంకా ఉన్నాయి". "ఆ దారిలో వెళ్ళడానికి వీల్లేదు" బదులు "ఆ దారి మూసేశారు". తప్పనిసరై కాదు అని రాస్తే, పక్కనే ఏది అవునో కూడా చెప్పేయండి.

ఎవరో అన్న మాటలు చెప్పేటప్పుడు పేపర్లో మాట ముందు, మనిషి వెనక ఉంటారు. నాలుగు వరుసల మాట చదివి, చివర్లో "అని మంత్రి తెలిపారు" అంటారు. వినేవాళ్ళు ఆ నాలుగు వరుసలూ మీ మాటలే అనుకుంటారు. మనిషిని ముందు తీసుకురండి. "మంత్రి చెప్పిందేంటంటే" అని మొదలుపెట్టి, ఆ తర్వాత చిన్న వాక్యాల్లో విషయం చెప్పండి. అది ఎవరి అభిప్రాయమో వినేవాళ్ళకి మొదటి మాటలోనే తెలిసిపోవాలి.

అంకెలు, పేర్లు, రోజులు

స్క్రిప్టులో అంకెని అంకెగా ఉంచకండి, నోటితో ఎలా అంటారో అలా అక్షరాల్లో రాయండి. 11,43,201 అని ఉంటే మైకు ముందు ఒక్క క్షణం తడబడతారు. చివరి 201 ఎవరికీ గుర్తుండదు, తీసేయండి. క్యూసెక్కు అంటే ఏంటో చాలామందికి తెలియదు. సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్లు. ఆ లెక్కన ఆ రోజు బ్యారేజీ దగ్గర సెకనుకి మూడు కోట్ల లీటర్లకి పైగా నీళ్ళు పోయాయి. ఇలాంటి పోలిక ఒక వార్తకి ఒకటి చాలు. రెండోది పెడితే మొదటిది చెరిగిపోతుంది.

దీప్తి వార్తలో అంకె ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. ఆమె పరిగెత్తింది మహిళల 400 మీటర్లలో, టీ20 విభాగంలో. ఈ మాట కాగితం మీద బాగానే ఉంటుంది. మన వాళ్ళ చెవిలో టీ20 అంటే క్రికెట్టే. విన్నవాళ్ళు ఒక్క క్షణం క్రికెట్ వైపు వెళ్ళిపోయి, తిరిగి వచ్చేసరికి రెండు వాక్యాలు దాటిపోతాయి. అందుకే ముందు అర్థం చెప్పి, ఆ పేరు అవసరమైతే తర్వాత చెప్పండి:

> మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారులకి పారాలింపిక్స్‌లో విడిగా ఒక విభాగం ఉంది. ఆ విభాగంలో, నాలుగు వందల మీటర్ల పరుగులో, దీప్తి మూడో స్థానంలో నిలిచింది. ఆమె తీసుకున్న సమయం యాభై ఐదు పాయింట్ ఎనిమిది రెండు సెకన్లు. మొదటి స్థానానికీ ఆమెకీ తేడా ఒక్క సెకను కూడా లేదు.

మొదటి స్థానంలో వచ్చిన ఉక్రెయిన్ అమ్మాయి సమయం 55.16. తేడా 0.66 సెకన్లు. ఆ అంకె చెప్పడం కంటే "ఒక్క సెకను కూడా లేదు" అంటేనే ఎంత దగ్గరగా వచ్చిందో తెలుస్తుంది. ఉక్రెయిన్ అమ్మాయి పేరు చెప్పాలనుకుంటే "యూ-లియా షుల్-యార్" అని విడగొట్టి రాసుకోండి. కొత్త పేరుని మొదటిసారి మైకు ముందు పలకకూడదు.

ఒకేలా వినిపించే పేర్ల విషయంలోనూ జాగ్రత్త. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ ఉంది. ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్‌నగర్ వంతెన ఉంది. ఆ వంతెన మీద చిక్కుకుపోయిన తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవరు వెళ్ళి తీసుకొచ్చాడు. రెండు పేర్లూ నాలుగు నిమిషాల తేడాలో వస్తే, రెండోదాన్ని విన్నవాళ్ళు విజయవాడలోనే ఉన్నామనుకుంటారు. అందుకని ఖమ్మం వార్తలో ఊరి పేరుతోనే మొదలుపెట్టి, "ఖమ్మంలో, మున్నేరు మీద ఉన్న వంతెన" అంటే చాలు. ప్రకాశ్‌నగర్ అన్న మాట వదిలేసినా నష్టం లేదు.

రోజుల సంగతి పాడ్‌కాస్ట్‌కే ప్రత్యేకం. రేడియోలో చెప్పిన వెంటనే వింటారు, పాడ్‌కాస్ట్‌ని శుక్రవారం వింటారు. "నిన్న రాత్రి పతకం వచ్చింది" అంటే శుక్రవారం వినే మనిషికి గురువారం రాత్రి అవుతుంది. "మంగళవారం రాత్రి" అని రాయండి. మారుతూ ఉండే విషయాలకి గంట కూడా చెప్పాలి. "బుధవారం ఉదయం ఆరు గంటలకి మాకు తెలిసిన సమాచారం ఇది" అని ఒకసారి ముందే అంటే, ఆ తర్వాత పరిస్థితి మారినా మీ మాట తప్పు కాదు.

ఒక వార్త నుంచి ఇంకో వార్తకి

"ఇదిలా ఉండగా", "కాగా", "మరోవైపు" అనే మాటల్ని స్క్రిప్టులోంచి పూర్తిగా తీసేయమంటాను. ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. అవి పేపర్లో రెండు పేరాలని అతికించడానికి పుట్టిన మాటలు. పైగా అవి ఏమీ చెప్పవు. ఏ వార్త అయిపోయిందో, ఏది మొదలైందో తెలియజేయలేవు.

మంచి మలుపు వెనక వార్తలో ఒక కాలు, ముందు వార్తలో ఒక కాలు పెట్టి నిలబడుతుంది. విజయవాడ నుంచి ఖమ్మానికి వెళ్ళడానికి నిజమైన లంకె ఉంది, అదే వాన:

> విజయవాడని ముంచిన ఈ వానే ఆదివారం ఖమ్మం మీద కూడా కురిసింది. అక్కడ పొంగింది మున్నేరు.

రెండే వాక్యాలు, పన్నెండు మాటలు. ఊరు మారింది, ఏరు మారింది, వినేవాళ్ళు దారి తప్పలేదు. ఖమ్మం నుంచి రైళ్ళకి కూడా ఇలాగే వెళ్ళొచ్చు: "ఖమ్మం దాటి వరంగల్ వైపు వెళ్తే మహబూబాబాద్ జిల్లా వస్తుంది. అక్కడ కేసముద్రం దగ్గర రైలు పట్టాలు గాల్లో వేలాడాయి." రైలు ఎక్కినవాళ్ళందరికీ ఆ దారి తెలుసు కాబట్టి, మాటతో పాటు వాళ్ళూ ప్రయాణం చేస్తారు. ఇలా భూమి మీద వరుసగా నడిపించే మలుపు వినేవాళ్ళకి చాలా సుళువు.

అసలు కష్టం దీప్తి దగ్గర వస్తుంది. ఇళ్ళు పోయినవాళ్ళ గురించి చెప్పి, వెంటనే పతకం గురించి చెప్పాలి. ఇక్కడ తెలివైన లంకె వెతకకండి. "వరదలో మునిగిన తెలుగు నేలకి పారిస్ నుంచి ఊరట" లాంటి మాట రాయబుద్ధేస్తుంది. ఇల్లు కొట్టుకుపోయిన మనిషికి కాంస్య పతకం ఊరట ఎలా అవుతుంది? వింటున్నవాళ్ళలో ఆ మనిషి ఉండొచ్చు. లంకె లేనప్పుడు లేదని ఒప్పుకోవడమే మర్యాద. రైళ్ళ వార్త పూర్తి చేయండి, రెండు సెకన్లు పూర్తిగా ఆగండి, కావాలంటే చిన్న సంగీతం ముక్క పెట్టండి. ఆ తర్వాత కొత్త గొంతుతో, కొత్త చోటు పేరుతో మొదలుపెట్టండి:

> పారిస్. మంగళవారం రాత్రి. వరంగల్ జిల్లా కల్లెడ అనే ఊరి నుంచి వెళ్ళిన ఒక అమ్మాయి పరుగు కోసం గీత దగ్గర నిలబడింది.

చోటు, సమయం, మనిషి. ఇవి మూడూ వచ్చేసరికి వినేవాళ్ళ మనసు వరద నుంచి బయటికి వచ్చి ఉంటుంది. ఆ రెండు సెకన్ల నిశ్శబ్దాన్ని స్క్రిప్టులో "ఆగాలి, 2 సె." అని తప్పకుండా రాసుకోండి. రాసుకోకపోతే మైకు ముందు అది అర సెకను అవుతుంది.

క్లిప్ ముందు చెప్పే మాట కూడా ఒక మలుపే. "ఆవిడ తన బాధ చెప్పుకున్నారు, వినండి" అనడం వృథా. ఆవిడ చెప్పబోయేదే మీరు ముందు చెప్పేయడం అంతకంటే వృథా. క్లిప్‌లో లేనిది మీరు చెప్పండి: ఆవిడ ఎక్కడుంది, ఎప్పుడు మాట్లాడింది, చుట్టూ ఎవరున్నారు. "సింగ్‌నగర్‌లో రెండో అంతస్తు నుంచి, మంగళవారం సాయంత్రం, ఫోన్ చార్జింగ్ అయిపోయే ముందు మాట్లాడారు" అంటే వినేవాళ్ళు ఆ గదిలోకి వెళ్ళిపోతారు. స్క్రిప్టులో క్లిప్ మొదటి మాట, చివరి మాట రెండూ రాసుకోండి. చివరి మాట తెలిస్తేనే, క్లిప్ అయిన వెంటనే మీరు రాసుకున్న వాక్యం దానికి అతుకుతుందో లేదో తెలుస్తుంది.

ఊపిరి గుర్తులు

రాసిన స్క్రిప్టుని పెద్ద అక్షరాల్లో, వరుసల మధ్య ఎడం ఎక్కువ ఇచ్చి ప్రింట్ తీయండి. ఏ వాక్యమూ ఒక పేజీలో మొదలై ఇంకో పేజీలో ముగియకూడదు. ఇప్పుడు పెన్సిలు పట్టుకుని బయటికి చదువుతూ, చిన్న ఊపిరి దగ్గర ఒక గీత, పెద్ద ఊపిరి దగ్గర రెండు గీతలు పెట్టండి:

> వరద వచ్చినప్పుడు / ఆ నీళ్ళని కృష్ణలోకి మళ్ళించడానికి / ఒక కాలువ ఉంది. // ఆ కాలువ గట్టుకే / గండ్లు పడ్డాయి. //

"వచ్చినప్పుడు", "మళ్ళించడానికి" లాంటి మాటల తర్వాత ఆగడం సహజం, ఎందుకంటే అక్కడ ఒక భావం పూర్తవుతుంది. "ఆ కాలువ" అన్నాక ఆగి "గట్టుకే గండ్లు" అంటే వినడానికి విడ్డూరంగా ఉంటుంది. ఎక్కడా గీత పెట్టే చోటు దొరకకపోతే లోపం ఊపిరిలో లేదు, వాక్యంలో ఉంది. మళ్ళీ విడగొట్టండి.

పది నిమిషాలూ ఒకే వేగంతో చదవక్కర్లేదు. ఏ దారి మూసేశారు, ఏ రైలు ఆపేశారు అన్న చోట నిమిషానికి 90 మాటలకి దిగండి, ఎవరైనా రాసుకుంటున్నారేమో అన్నట్టు చదవండి. దీప్తి పరుగు చెప్పేటప్పుడు కాస్త పెరిగినా బాగుంటుంది. ఎక్కడ నెమ్మది కావాలో మార్జిన్‌లో "నెమ్మది" అని రాసుకోండి.

తర్వాత టైమర్ పెట్టి మొత్తం ఒకసారి చదవండి. కళ్ళతో కాదు, గొంతు విప్పి. మొదట్లో నేను మనసులో చదివి టైమ్ చూసుకునేవాణ్ణి. రికార్డింగ్‌లో ప్రతిసారీ నిమిషంన్నర పెరిగేది, అప్పుడు చివరి వార్తని పరిగెత్తించాల్సి వచ్చేది. ఇప్పుడు రాసేటప్పుడే, తీసేసినా వార్త దెబ్బతినని పేరాలకి పక్కన గీత గీసి పెట్టుకుంటాను. విజయవాడ వార్తలో అలాంటిది క్యూసెక్కు వివరణ, ఖమ్మంలో జేసీబీ డ్రైవరు ముచ్చట. సమయం మించితే ఆ పేరా మొత్తం తీసేస్తాను. అన్ని వాక్యాల్లోంచీ తలా ఒక మాట గిల్లితే సమయం పెద్దగా తగ్గదు, వాక్యాలు మాత్రం కుంటుతాయి.

చివరి పరీక్షకి ఇంకో మనిషి కావాలి. స్క్రిప్టు చూడని ఎవరినైనా కూర్చోబెట్టి, వాళ్ళు ఏదో పని చేసుకుంటూ ఉండగా చదవండి. అయ్యాక మూడు ప్రశ్నలు అడగండి. సింగ్‌నగర్‌లోకి వచ్చినవి ఏ నీళ్ళు? రైలు పట్టాలు ఎక్కడ దెబ్బతిన్నాయి? దీప్తి ఏ ఊరమ్మాయి? ఏ జవాబు రాకపోతే ఆ వాక్యం దగ్గరికి తిరిగి వెళ్ళండి. "ఆ, కృష్ణ నీళ్ళేగా" అని వాళ్ళు అంటే, "బుడమేరు నీళ్ళు" అన్న మాటని వార్త చివర ఇంకోసారి చెప్పాలి. కాగితం మీద అది పునరుక్తి, కానీ చెవికి రెండోసారి చెబితేనే అందే మాటలు కొన్ని ఉంటాయి.

ముఖ్యాంశాలు అన్నిటికంటే మొదట వినిపిస్తాయి, కానీ అన్నిటికంటే చివర రాయండి. అప్పటికి ప్రతి వార్తలో అసలు మాటేంటో మీకే బాగా తెలుసు:

> నమస్కారం. ఇది సెప్టెంబరు నాలుగు, బుధవారం. / సింగ్‌నగర్‌లో నీళ్ళు ఇంకా ఉన్నాయి, / అవి ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చెప్పుకుందాం. // ఖమ్మంలో మున్నేరు, / కేసముద్రంలో రైలు పట్టాలు. // పారిస్‌లో / వరంగల్ జిల్లా అమ్మాయికి పతకం. //

ముగింపుకి పెట్టుకున్న 20 సెకన్లలో వార్తలన్నిటినీ మళ్ళీ వల్లించకండి. తర్వాతి ఎపిసోడ్ ఎప్పుడు వస్తుందో, ఈ ఎపిసోడ్‌లో ఏదైనా తప్పు చెప్పి ఉంటే ఎక్కడ దిద్దుతారో చెప్పండి. ఆ తర్వాత మీ పేరు, సంగీతం.